ఇచ్చేవాడు కట్టిన వెల

మా పాపకు నాలుగేళ్లప్పుడు, ఆదివారం సాయంత్రం కాగానే నా చెప్పుల్లో ఒకటి మాయమయ్యేది. రెండూ కాదు, ఒకటే. రెండూ దాస్తే అమ్మ వేరే జత వేసుకుని పోతుందని, ఒకటే దాస్తే వెతుకుతూ కూర్చుంటుందని దానికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. వాకిట్లో ఆటో వాడు హారన్ కొడుతుంటే నేను మంచాల కింద దూరేదాన్ని. ఒకసారి విసుగొచ్చి, బాత్రూమ్ స్లిప్పర్లతోనే హైదరాబాదు బస్సెక్కాను. ఆ వారమంతా ఆఫీసులో వాటితోనే తిరిగాను. తప్పిపోయిన చెప్పు తర్వాత బియ్యం డబ్బాలో దొరికింది.

మా ఆయనది కర్నూలులో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో లెక్చరర్ ఉద్యోగం, చెప్పేది లెక్కలు. నాది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మూడేళ్లు నేను అక్కడ హాస్టల్లో, వాళ్లు ఇక్కడ. తర్వాత కరోనా వచ్చింది, ఆఫీసులు మూతబడ్డాయి, నేను లాప్‌టాప్ చంకన పెట్టుకుని కర్నూలు చేరాను. మేడ మీద గదిలో బల్ల వేసుకున్నాను. మళ్లీ కదల్లేదు. లోకానికి అదొక పీడకల. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెప్తున్నాను, అది సంసారం మొదలైన కాలం.

పోయిన ఏడాది నన్ను టీమ్ లీడ్ చేస్తామన్నారు. అప్పుడు నా జీతం ఏడాదికి ఇరవై లక్షలు. హెచ్‌ఆర్ అమ్మాయి వీడియో కాల్‌లో నవ్వుతూ రెండు దార్లు చూపించింది. మొదటిది, నాలుగు లక్షలు పెంచుతారు, హైదరాబాదు ఆఫీసుకు వారానికి నాలుగు రోజులు రావాలి. రెండోది, లక్షే పెంచుతారు, కర్నూలు నుంచే పనిచేసుకోవచ్చు, పైగా చదువుకోడానికి ఏడాదికి లక్ష బడ్జెట్, ఆరు రోజులు అదనపు సెలవు.

"రెండూ ఒకటే మేడమ్," అంది ఆ అమ్మాయి, తెర మీద ఒక పట్టిక పెట్టి. ఇంటి నుంచి పని, లక్షన్నర. చదువు, లక్ష. ఆరు సెలవులు, యాభై వేలు. పెంచే లక్షతో కలిపితే సరిగ్గా నాలుగు లక్షలు. "కంపెనీ మీకిచ్చే మొత్తం విలువ ఎక్కడా తగ్గలేదు."

జవాబుకు వారం గడువు ఇచ్చింది. పట్టిక ముద్దుగానే ఉంది, రంగులు కూడా వేశారు. కాల్ ముగిశాక దాన్నే మళ్లీ మళ్లీ చూశాను. నాకు కావలసింది ఒకటే, ఈ ఇంట్లో ఉండటం. దానికి ఎంత వదులుకోవచ్చో, ఎంత వదులుకుంటే వెర్రిదాన్నవుతానో తెలియలేదు.

మా ఆయనకు చెప్పడం నా తప్పు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. ఆ రాత్రే ఎక్సెల్‌లో షీటు తెరిచాడు. రెండు దార్లకూ తేడా మూడు లక్షలు. నా స్లాబులో పన్ను పోతే చేతికొచ్చేది రెండు లక్షల ఇరవై వేలు. అందులోంచి హాస్టలు, వారం వారం బస్సు తీసేస్తే లక్షన్నర పోతుంది. అంటే ఇంట్లో ఉన్నందుకు ఏడాదికి డెబ్భై వేల నష్టం. పైగా వచ్చే ఏడాది పెంపు ఈ తక్కువ జీతం మీదే లెక్కగడతారు కాబట్టి నష్టం ఏటేటా పెరుగుతుంది. "చదువు బడ్జెట్టు లక్ష కలిపితే మనకే లాభం," అన్నాడు, గెలిచినవాడిలా. కింద ఇంకో గడిలో 'ఆదివారం సాయంత్రం' అని రాసి, వెల దగ్గర ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ఒక్క గడి కోసం అతని మీద కోపం మానుకున్నాను.

మూడో రోజు మా నాయన వచ్చాడు. ఊర్లో నుంచి మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డలు తెచ్చి, అక్కడి ధర చూసి, ముఖం మాడ్చుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. రాగి సంగటి ముందు కూర్చుని మా ఇద్దరి వాదనా విన్నాడు. లాప్‌టాప్ తిప్పి చూపించమన్నాడు.

"ఈ వెలలు కట్టింది ఎవరమ్మా?"

"కంపెనీ."

"ఇచ్చేవాడు వెల కడితే ఎట్లమ్మా? తీసుకునేవాడు గదా కట్టాల్సింది." సంగటి ముద్ద పక్కన పెట్టాడు. "నేనూ కట్టినా గదా ఇట్లనే, శానా ఏండ్లు."

పాము కాళ్లు పాముకెరుక. మా నాయన ముప్పై ఏళ్లు ఇంట్లో జీతగాణ్ని పెట్టుకున్న రైతు. ఉగాదికి మనిషిని ఏడాదికి మాట్లాడుకునేవాడు. ఎనిమిది మూటల జొన్నలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు, జాతరకు మూడు రోజుల సెలవు. ఇంకో నాలుగు దుడ్లు అడిగితే కంబళి వెల, చెప్పుల వెల కలిపి చెప్పి నోరు మూయించేవాడినని ఆయనే ఒప్పుకున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఏమాత్రం సిగ్గు లేకుండా.

"చెప్పులు వానికిచ్చినట్ల, మనకిచ్చుకున్నట్ల? చెప్పుల్లేకుంటే ముల్లు గుచ్చుకుని నాలుగు దినాలు పడుకుంటాడు. మడక ఎవరు దున్నల్ల? చెప్పులు మన పనికి. జీతంలో ఎందుకు రాసినట్లు? రాస్తే పెద్దగా కనపడతాది."

నేను చదువు బడ్జెట్టు వైపు చూశాను. అంతకు ముందేడు కూడా అరవై వేలు ఇచ్చారు. పదకొండు నెలలు ముట్టుకోలేదు, తీరిక లేక. గడువు ముగిసేలోపు వాడకపోతే పోతాయని చివరి వారంలో 'సభల్లో ధైర్యంగా మాట్లాడటం ఎలా' అనే కోర్సు కొన్నాను. దాని మొదటి పాఠం కూడా వినలేదు. ఇంట్లో నాకు ఆ కొరత ఉందని ఎవరూ అనుకోరు.

"మరి సెలవు, మామా?" అన్నాడు మా ఆయన, నోటు పుస్తకం తీసి.

"సెలవిచ్చినా అంటా. జాతర నాటికి కలుపు పని పడతాది. 'నీ ఇష్టమప్పా, పోతే పో' అంటా. వాడు పోడు. పోయినోనికి మళ్లేడు పని ఉంటాదో లేదో." నీళ్లు తాగాడు. "దినాలు చెప్పించుకోవాలమ్మా. ఏ దినం, ఎన్ని దినాలు అని. ఊరికే ఆరు అంటే సున్నా."

నా సెలవులు అంతకు ముందేడు తొమ్మిది మురిగిపోయాయి. ఆ యాభై వేలు కూడా పోయినట్టే.

"ఇంటి నుంచి పని మాత్రం సరిగ్గానే కట్టినారు మామా, లక్షన్నర," అన్నాడు మా ఆయన, కాస్త దిగులుగా.

"ఎట్ల రాసినారు?"

చదివాను. మేనేజరు అనుమతికి లోబడి, ఎప్పుడైనా మార్చవచ్చు అని ఉంది. నాయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కాదు, అది ముందే చదివి కూడా మింగేసిన నా మీద.

"సరే. నువ్వు చెప్పు. ఇంకెంత వేస్తే ఆ హైదరాబాదుకు పోతావు? నీ నోటితో చెప్పు."

ఇంకో రెండు లక్షలు అన్నాను. తల దానంతటదే అడ్డంగా ఊగింది. ఐదు లక్షలు అన్నాను. బియ్యం డబ్బాలో చెప్పు గుర్తొచ్చింది. పదేళ్ల మా పాప ఇప్పుడు చెప్పులు దాచదు, మెట్ల మీద నుంచి "అమ్మా, మీటింగు అయిందా?" అని అరుస్తుంది. ఐదుకు కూడా పోనని తెలిసింది. నాయన మజ్జిగ పోసుకున్నాడు.

గడువు రోజున హెచ్‌ఆర్ అమ్మాయితో మాట్లాడాను. మా ఆయన కెమెరాకు దొరక్కుండా గోడవారన నిలబడి, పెద్ద అక్షరాలతో అంకెలు రాసిన కాగితాలు పట్టుకున్నాడు.

"ఈ లక్షతో నేను ఏం చదవాలని మీ ఉద్దేశం?" అన్నాను.

"క్లౌడ్ సర్టిఫికేషన్ మేడమ్. కొత్త ప్రాజెక్టుకు అది తప్పనిసరి."

"అయితే అవి చెప్పులు."

"సారీ మేడమ్?"

గోడవారన కాగితాలు వణికాయి, నవ్వాపుకోలేక. నేను గొంతు సవరించుకుని మామూలు మాటల్లో చెప్పాను. మీ ప్రాజెక్టుకు కావలసిన చదువు మీ ఖర్చు, నా జీతం కాదు. నా ఇష్టానికి చదువుకునేదానికి యాభై వేలు చాలు, మిగతా యాభై వేలు జీతంలో కలపండి. ఆరు సెలవులకు తేదీలు ఇప్పుడే వేయండి, లేదా మిగిలినవాటికి డబ్బివ్వండి. పనిచేసే చోటు కర్నూలు అని ఉత్తరంలో రాయండి. మార్చాలంటే మూడు నెలల ముందు చెప్పాలని కూడా. ఇవన్నీ ఒప్పుకుంటే రెండో దారికి ఈరోజే సంతకం పెడతాను.

అడిగిందైతే అడిగాను గానీ రెండు రోజులు అన్నం సయించలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమో, మొదటికే మోసం వచ్చి హైదరాబాదుకే రమ్మంటారేమో అని. మూడో రోజు జవాబొచ్చింది. సెలవులకు డబ్బు కుదరదు, తేదీలు వేస్తారు. ఉగాదికి మూడు, దసరాకు మూడు. జీతం ఇరవై ఒకటిన్నర. చోటు కర్నూలు, మూడు నెలల గడువు, రాసిచ్చారు. ఏడాదికి నాలుగుసార్లు ఆఫీసుకు రావాలి, దారిఖర్చులు వాళ్లవి. సంతకం పెట్టి మా పాపను ఎత్తుకోబోయాను, బరువుకు నడుము పట్టింది.

తర్వాతి వారం నాయన మళ్లీ వచ్చాడు. విషయం చెప్పాను. నా తెలివికి ఆయన మురిసిపోతాడని కొంచెం గొప్పగానే చెప్పాను.

"చివరికి ఎంత వదులుకున్నావమ్మా?"

"జీతంలో రెండున్నర లక్షలు నాయనా. పన్నూ ఖర్చులూ పోను, చేతికి తగ్గేది ముప్పై వేల చిల్లర."

"ఇంట్లో ఉండేదానికి."

"ఇంట్లో ఉండేదానికి."

ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. కాఫీ చల్లారింది.

"మన జీతగాడు ఒకేడాది ఇట్లనే అడిగినాడు," అన్నాడు. "రాత్రి కొట్టంలో ఎద్దుల కాడ పండుకోవల్ల గదా. అప్పుడే వానికి బిడ్డ పుట్టిండాది. రాత్రిళ్లు ఇంటికి పోతానప్పా, ఒక మూట తగ్గించుకో అన్నాడు. కొట్టంలో ఎట్లాగూ మీ చిన్నాయన పండుకుంటాండె. నాకు పైసా ఖర్చు లేదు. ఊరికే ఇయ్యాల్సిందానికి మూట జొన్నలు పట్టుకున్నా. ఎనిమిది మూటలోడు ఏడుకే వచ్చినాడు, వట్టి తెలివితక్కువోడని ఊర్లో అందరికీ చెప్పి నవ్వినా. ఇన్నేండ్లూ నవ్వుతాండా. ఈపొద్దు నా కూతురు చేస్తే తెలివైందని చెప్పుకుందామనుకుంటి."

నాకు ఆయన్ని చూస్తే బాధేసింది, కోపమూ వచ్చింది. ఆ జీతగాడి బిడ్డ నాకంటే రెండేళ్లు పెద్ద, మేం కలిసి అచ్చనగాయలు ఆడుకున్నాం. ఆమె వాళ్ల నాయన పక్కన నిద్రపోయిన రాత్రుళ్లకు మా ఇంట్లో ఒక మూట పట్టుకున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆయన ఉన్నాడా నాయనా?"

"ఉండాడు, ఊర్లోనే." మా ఆయన వైపు తిరిగాడు. "అల్లుడూ, ఆ మూట జొన్నలు ఈపొద్దు ఎంతయితాయో చూడు."

మా ఆయనకు అంతకంటే ఏం కావాలి. లాప్‌టాప్ తెరిచి, "అది ఏ సంవత్సరం మామా, మూటకు ఎన్ని కిలోలు?" అన్నాడు.

నాయన చెప్పబోయి ఆగాడు. చేత్తో లాప్‌టాప్ మూత దించాడు.

"వద్దులే. మళ్లా నేనే వెల కడితే ఎట్ల? పోయి వాన్నే అడగల్ల."

చల్లారిన కాఫీ అట్లాగే తాగేసి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని ఊరి బస్సుకు బయలుదేరాడు.