ఓటేసి గెలిపించిన ఆధార సంవత్సరం

“సారూ, గా నూరు ఏ ఏడాదిది?”

తెల్లాపూర్‌లోని ఓ గేటెడ్ కమ్యూనిటీలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ రేణుక వేసిన ఈ ప్రశ్నను, అక్కడే ఫ్లాటులో ఉండే సీతారామాంజనేయులు గారిని ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఏ మంత్రీ అడగలేదు. ఆయన గణాంకాల శాఖలో ధరల సూచీలు కట్టి రిటైరయ్యారు. కందిపప్పయినా సిమెంటయినా ఓ ఏడాదిని ఆధార సంవత్సరంగా ఎంచి దాని ధరను నూరనుకోవడం, తర్వాతి ఏళ్లవి ఆ నూటికి ఎంతవుతాయో లెక్కగట్టడం, అదే బతుకు. పెళ్లయిన ఏడాదిని కూడా ఈయన ఆధార సంవత్సరమనే అంటారని భార్య జయలక్ష్మి ఫిర్యాదు.

అసోసియేషన్ ట్రెజరర్ రవికిరణ్ రాయదుర్గంలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు. ఓ ఆదివారం పెద్దాయన ఇంటికొచ్చాడు. “అంకుల్, మెయింటెనెన్స్ వసూలు లక్షల్లో, స్టాఫ్ జీతం వేలల్లో. ఒకే గ్రాఫ్‌లో పెడితే జీతం గీత నేలకే అంటుకుంటోందండి.”

రిటైరయ్యాక తన విద్య అడిగిన మొదటి మనిషి. రెండింటినీ ఒకే ఏడాదిలో నూరనుకుని గీతలు గీయడం పెద్దాయన కాఫీ ఇప్పించి మరీ నేర్పారు. ఏ ఏడాదిని నూరంటావని మాత్రం అడగలేదు.

జనరల్ బాడీ మీటింగులో గీతలన్నీ 2021లో నూరు దగ్గర బయలుదేరాయి. ఇప్పటికి వసూలు నూట యాభై, జీతం నూట అరవై అయిదు.

“చూశారా, మనకంటే స్టాఫే ఫాస్ట్‌గా పెరిగారు. ఈ ఏడు హైక్ అక్కర్లేదు,” అన్నాడు రవికిరణ్. చప్పట్లు. వెనక కుర్చీలు సర్దుతున్న రేణుక అప్పుడే ఆ ప్రశ్న వేసింది.

“కరోనాల మా జీతం పన్నెండు వేలను ఎనిమిది చేసిండ్రు. గా ఎనిమిదినే నూరంటున్నరా?”

పెద్దాయన లేచారు. “కరువు ఏడాదిని మేమెన్నడూ ఆధారం చేసుకోలేదండీ. 2019లో పన్నెండు వేలు నూరనుకోండి, ఇప్పటి పదమూడు వేల రెండొందలు నూట పదే. వసూలు అప్పుడూ ఇరవై లక్షలే, ఇప్పుడు ముప్ఫై. ఆ గీత నూట యాభై దగ్గరే ఉంటుంది.”

కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి. అంకెల మీద కాదు, మెయింటెనెన్స్ పెరుగుతుందేమోనని.

“ఒపీనియన్స్ వేరు కదా అంకుల్. డెమోక్రటిక్‌గా ఓటింగ్ పెడదాం,” అన్నాడు రవికిరణ్.

అరవై ఒక్క ఓట్లతో 2021 గెలిచింది. 2019కి తొమ్మిది. ఫ్లాటుకో ఓటు, ఊడ్చేవాళ్లకు ఫ్లాటు లేదు. పెంపు ఆగింది.

లిఫ్టు దగ్గర పెద్దాయన తల దించుకున్నారు. “తప్పు నాదేనమ్మా. లెక్క నేర్పాను, ఏడాది అడగలేదు.”

“పరేషాన్ గాకండి సారూ. గెలిచిన ఏడాది గదా, గప్పుడు కోసినవన్న ఇస్తరేమో అడుగుండ్రి.”

ఆయన అడిగారు. వచ్చే మీటింగులో చూద్దామన్నారు అసోసియేషన్‌వాళ్లు. అప్పటి కోత నెలకు నాలుగు వేల చొప్పున పది నెలలు, తర్వాత ఇస్తామన్న మాట మీద. రేణుకకు నలభై వేలు ఇంకా రావాలి.