నాకొక్కదానికే తెరుచుకున్న సైటు

వేంపల్లె దగ్గర చీనీ, అంటే బత్తాయి, మొక్కల నర్సరీ నడిపే ఆవిడ సైటు రావడం లేదని మొదటిసారి ఫోన్ చేసినప్పుడే విసుక్కున్నాను. అందులో దాచేదేం లేదు. ఇరవై ఏళ్లుగా కడపలో మేడ మీది గదిలో కూర్చుని ఊళ్లోవాళ్ల సైట్లూ సర్వర్లూ చూస్తున్నదాన్ని. సైటు రావడం లేదన్న మాట వింటే చాలు, కుర్చీలోంచి లేవకముందే ఒళ్లు నొప్పులొస్తాయి. పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు అవతలివాళ్ల ఫోన్లోనే ఉంటుంది. ఆ తొమ్మిదిసార్లే నన్ను చెడగొట్టాయి.

ఆవిడ భర్త లారీ మీద నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. నర్సరీ మొత్తం ఆవిడదే. ఆ ఏడాది చీనీ అంటుమొక్కలు అమ్మే వయసు దాటిపోతున్నాయి. వేళ్లు కవరు అడుగు చిల్లుల్లోంచి బయటికొచ్చి నేలలోకి దిగుతున్నాయి. తొలకరికి పోకపోతే వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుని మొక్క పనికిరాకుండా పోతుంది. అనంతపురం వైపు రైతులు పదిమంది కలిసి నాలుగు వేల మొక్కలు కావాలన్నారు. తల్లిచెట్ల ఫొటోలూ పరీక్ష కాగితాలూ సైటులో చూసుకుని శుక్రవారానికల్లా మాట చెబుతామన్నారు. అందుకే నా దగ్గరికొచ్చింది.

సైటు సోమవారానికి పూర్తి చేశాను. బయటివాళ్లు సర్వర్ దాకా రావాలంటే రెండు గడపలు దాటాలి. లోపలిది సర్వర్‌లోనే ఉండే ఫైర్‌వాల్. బయటిది క్లౌడ్ కంపెనీ పెట్టే సెక్యూరిటీ గ్రూప్. మామూలు వెబ్‌కి ఎనభయ్యో నంబరు పోర్టు, తాళం గుర్తుతో వచ్చే వెబ్‌కి నాలుగు వందల నలభై మూడో నంబరు పోర్టు, రెండు చోట్లా తెరిచి ఉండాలి. ఒకచోట మూసి ఉన్నా రెండోచోట తెరిచి లాభం లేదు. ఇదంతా నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

నాకొక పద్ధతి ఉంది. పని సగంలో ఉండగా ఎవరూ తొంగిచూడకుండా, సెక్యూరిటీ గ్రూప్‌లో ఆ రెండు పోర్టులూ మా ఇంటి ఇంటర్నెట్ అడ్రసుకి మాత్రమే తెరుస్తాను. ఎవరెవర్ని రానివ్వాలో అడిగే గడిలో 'నా ఐపీ' అని ఎంచుకుంటే చాలు. ఆ అడ్రసు మారకూడదనే కాస్త ఎక్కువ కట్టి ఆ కనెక్షన్ తీసుకున్నాను. పని అయ్యాక ఆ గడిని 'అందరికీ' అని మార్చాలి. ఆ సోమవారం అది మర్చిపోయాను. ఆ రోజు నడుం పట్టేసింది, నాలుగు సైట్ల పని నెత్తి మీదుంది, అని ఇప్పుడు చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే ఏమొస్తుంది?

మంగళవారం పొద్దున ఆవిడ ఫోన్ చేసి, చక్రం శానాసేపు తిరిగి ఆగిపోతాందని చెప్పింది. నేను కంప్యూటర్‌లో చూశాను, వచ్చింది. ఫోన్‌లో చూశాను, అందులోనూ వచ్చింది. ఆ ఫోన్ మా ఇంటి వైఫై మీదే ఉందన్న ధ్యాస లేదు. మీ ఫోన్ పాతదమ్మా, ఇంకోదాంట్లో చూడండి అన్నాను. పక్కింటివాళ్ల ఫోన్ అడిగి చూసింది. రాలేదు. సిగ్నల్ బాగాలేదేమో, ఎత్తుకెక్కి చూడండి అన్నాను. బుధవారం ఎండలో నీళ్ల ట్యాంకు మెట్లెక్కి అక్కడినుంచి ఫోన్ చేసింది. అదే చక్రం.

ఆ చక్రమే నాకు చెప్పాల్సింది. సర్వర్‌లో వెబ్ ప్రోగ్రాం ఆగిపోయి ఉంటే, కుదరదని వెంటనే తెలుస్తుంది. జవాబే లేకుండా అంతసేపు తిరిగిందంటే దారిలో ఎవరో వచ్చినదాన్ని వచ్చినట్టు పారేస్తున్నారని. పిల్లలకు పాఠం చెప్పినట్టు ఇదే మాట ఎందరికో చెప్పాను. గురువారం విసుగ్గా సర్వర్‌లోకి వెళ్లి ఫైర్‌వాల్ జాబితా తీశాను. రెండు పోర్టులూ అందరికీ తెరిచే ఉన్నాయి. అంతే, నా తప్పేం లేదని తీర్మానించేశాను. లోపలి గడప చూసి బయటి గడప చూడలేదు. పైగా ఆవిడతో, "నాకు బాగానే వస్తోందమ్మా. మీ ఫోన్లు బాగు చేయించుకుని నాకు చేయండి" అన్నాను. గొంతులో ఎంత విషం ఉందో నాకు తెలుసు.

ఆ తాళం గుర్తు కోసం తీసుకునే సర్టిఫికెట్ అయినా నన్ను పట్టించేది. మామూలుగా ఎనభయ్యో పోర్టు మీదుగా బయటినుంచి వచ్చి చూసుకున్నాకే అది ఇస్తారు. నేను సైటు పేరు నమోదై ఉండే డొమైన్ రికార్డులో ఒక గుర్తు పెట్టి ఆ దారిలో తీసుకున్నాను. బయటినుంచి సైటు తలుపు తట్టినవాళ్లు ఆవిడ వైపువాళ్లే. వాళ్లనేమో నేను నమ్మలేదు.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. వైఫై ఆగింది. ఫోన్ సిమ్ డేటా మీదికి మారింది. ఉక్కకు ఊరికే కూర్చోలేక ఆ సైటు తెరవబోయాను. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆ ఫోన్‌లోనే క్లౌడ్ కంపెనీ పేజీలోకి వెళ్లి సెక్యూరిటీ గ్రూప్ తీశాను. ఎనభై పక్కన మా ఇంటి అడ్రసు. నాలుగు వందల నలభై మూడు పక్కనా మా ఇంటి అడ్రసే. రెండింటినీ 'అందరికీ' అని మార్చి సేవ్ నొక్కాను. మళ్లీ తెరిస్తే చీనీ చెట్లు వచ్చాయి. చేసిన పని ఒక్క నిమిషం. ఆవిడ ట్యాంకు ఎక్కింది మూడు రోజుల ముందు.

ఫోన్ చేసి తప్పు నాదని చెప్పాను. రైతుల పెద్దాయన నంబరు అడిగి ఆయనకు కూడా చేశాను. నేను లైనులో ఉండగానే తెరిచి చూశాడు.

"ఇప్పుడు వస్తాండాది లేమ్మా. కానీ నిన్ననే వేరేచోట మాట ఇచ్చేసినాము. మా ఫోన్లే బాగల్యావని ఆయమ్మ అనింది. పదిమందివీ ఒకేసారి చెడిపోతాయా?"

నేనన్న మాటే. ఆవిడ నన్ను నమ్మి, ఆ మాట తీసుకెళ్లి కొనేవాళ్లకు అప్పజెప్పింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఆవిడ బేరం పోయింది.

తొలకరిలో ఇద్దరు ముగ్గురు వచ్చి వెయ్యి మొక్కల దాకా తీసుకెళ్లారు. మిగిలినవాటికి వేళ్లు కత్తిరించి పెద్ద కవర్లలోకి మార్చాల్సి వచ్చింది. సగం బతికితే గొప్ప. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని కత్తిరించాను. నడుం పడిపోయింది, అయినా లేవలేదు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది. అన్ని ఫోన్లలో రాకపోయినా నన్ను ఎందుకు గట్టిగా అడగలేదని చివరికి నేనే అడిగాను.

"నీకు తెరుచుకుంటాంది గదక్కా," అంది, చేతిలో కవరు మట్టి నొక్కుతూ. "సదువుకున్న దానివి. నీకు వచ్చినాక ఇంగ తప్పు నాదే అనుకున్యా."

కత్తెర పట్టుకుని ఇంకో మొక్క అందుకున్నాను.

ఇప్పటికీ ఎవరి సైటు పూర్తి చేసినా, అయిపోయిందని వాళ్లకు చెప్పేముందు వేంపల్లెకు ఫోన్ చేస్తాను. సైటు పేరు చెప్తాను, తెరిచి చూడమంటాను. పొలంలో ఉన్నా, వంటలో ఉన్నా ఆవిడ చూస్తుంది. మొన్నా చూసింది.

"వచ్చినాది లే అక్కా," అంది. "ఈసారి నా ఫోన్ బాగుండాది."