నాకా దాటిన బండ్లు

మోషే ఇనుప చువ్వను రెండు చేతులతో పట్టి నాలుగో గుంతలోకి నిలువునా దించాడు. మోచేతి లోతు పోయాక వదిలేసి పక్కన కూర్చున్నాడు. కాసేపాగి చువ్వను పైకి లాగి దాని కొనను పిడికిట్లో పట్టుకున్నాడు. చెత్త సరిగ్గా మాగుతుంటే ఆ కొనను ఎవరూ పట్టుకోలేరు, చెయ్యి చురుక్కుమంటుంది. మోషే దాన్ని పట్టుకుని అలాగే కూర్చోగలిగాడు. గుంత గోరువెచ్చగా ఉంది.

యాప్రాల్ దాటి తూంకుంట దిక్కు పోయే బండ్లబాట పక్కన, మిట్ట మీద, బస్తీ చెత్తను పూడ్చే జాగా అది. యుద్ధం మొదలైన ఏడాది సఫాయి దఫ్తరు వాళ్లు అక్కడ గుంతల పద్ధతి పెట్టారు. ఒక్కో గుంత ముప్పై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. అడుగున చెత్త పరచాలి. దాని మీద పాయఖానాల నుంచి పీపాల్లో వచ్చే మలం పలుచగా పోయాలి. మళ్లీ చెత్త, మళ్లీ మలం. ఆఖరి వరుస చెత్తే ఉండాలి. నేల మట్టం మీద అడుగెత్తు లేచాక మట్టి కప్పేయాలి. ఐదారు నెలలకు అది నల్లటి ఎరువవుతుంది. వాసన ఉండదు, ఈగ వాలదు. కీసర రైతులు బండ్లు కట్టుకొచ్చి తీసుకుపోతారు.

ఈ పని మోషేకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మొదటి గుంతను చెడగొట్టి నేర్చుకున్నాడు. గుంత మూడు రోజుల్లో నిండాలి. అప్పుడే లోపల వేడి పుడుతుంది. ఆలస్యమైతే పై చెత్త ఎండిపోతుంది, వేడి పుట్టదు, ఈగలు పెరుగుతాయి. ఈ నాలుగో గుంత నిండటానికి ఆరు రోజులు పట్టింది. అయిదోదీ అంతే పట్టింది, ఇప్పుడు ఆరోదీ అలాగే నడుస్తోంది. అంటే రావాల్సిన బండ్లలో సగం రావడం లేదు.

చువ్వను మట్టితో రుద్ది తుడుస్తుండగా భార్య ఏసమ్మ మిట్ట ఎక్కి వచ్చింది. ఆమె పొద్దున్నే బస్తీలో వీధులూడ్చి, చెత్త కుండీల్లోకి ఎత్తి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఈ రోజు ఇంట్లోకి కూడా పోలేదు.

"సుక్కమ్మ పోయింది" అంది. "పొద్దుగాల వాంతులు పెట్టుకున్నది. పొద్దెక్కేసరికి కాళ్లు గుంజుకపోయినయి. గత్తరే."

"మొన్న లచ్చయ్య బిడ్డకు గూడ గట్లనే అన్నరు."

"ఆ పిల్ల గూడ దక్కలేదు. ఇగ మూడో ఇంట్ల పర్వతాలుకు మొదలైంది."

గత్తర అంటే కలరా. అది వచ్చిన మూడిళ్లూ ఒకే చోట నీళ్లు తెచ్చుకుంటాయి. మిట్ట కింద వాళ్ల వాడకు బావి లేదు. వాగు ఇసుకలో మోకాలి లోతు తవ్వి చెలిమలు తీస్తారు. ఊరిన నీటిని చిప్పతో తోడి కడవ నింపుకుంటారు. మోషే చువ్వను పక్కన పెట్టాడు. మిట్ట దిగి వాగు వెంట పైకి నడిచాడు.

చెలిమలకు మూడు వందల అడుగుల పైన, బండ్లబాట వాగును దాటే చోట, కుప్ప కనబడింది. సంత చెత్త, విస్తర్లు, బూడిద, చింపిరి గుడ్డలు. వాటి మధ్య పీపాలు బోర్లించిన మలం ఎండి పెచ్చులు కట్టి ఉంది. ఎండకు కుంగి కుంగి ఇరవై బండ్ల పాటి కుప్ప. సగం గట్టు మీద, సగం వాగు ఇసుకలో. అడుగున తడి ఇంకా ఇసుకలోకి దిగుతోంది. పందులు దాన్ని కిందికి లాగుతున్నాయి.

మోషే అక్కడే గొంతు కూర్చున్నాడు. ఆ చోటు అతనికి తెలుసు. పోయినేడు వానల్లో బాట బురదై, చెత్త తోలే ఇస్తారి బండి దిగబడింది. "ఎద్దులను సంపకు. ఈడ్నే కుమ్మరించు, తెల్లారి నేను ఎత్తుకపోత" అని చెప్పింది తనే. మర్నాడు గంపతో ముప్పైసార్లు తిరిగి ఆ బండెడు చెత్తనూ గుంతకు చేర్చాడు కూడా. చెప్పిన మాట నిలబెట్టుకున్నందుకు ఆ రోజు సంతోషపడ్డాడు.

సాయంత్రం బాట మీద ఇస్తారిని ఆపాడు. ఇస్తారి చెత్త బండ్ల గుత్తేదారు దగ్గర బండి తోలుతాడు. మోషేను మామా అని పిలుస్తాడు.

"వాగుల కుప్ప ఎవలది?"

"బండ్లోళ్లందరిదీ. నాదొక్కనిదే అంటవా?"

"ఎన్నొద్దుల సంది?"

"పదిహేను రోజులు. ఎద్దులకు మేత లేదు మామా. ఎండకు మిట్ట ఎక్కుతలేవు. గుత్తేదారు బండ్లన్ని కలిపి రోజుకు ఆరు తిప్పులు తిప్పాలంటడు. గుంతకాడికొస్తె మూడే అయితయి."

"మరి బండ్లు లెక్కవెట్టే నాకా కాడ ఏం జెప్తరు?"

ఇస్తారి నవ్వాడు. "ఏం జెప్పేది? నాకా చప్రాసీ బండి దాటంగనే సుద్దతోని గీత పెడ్తడు. ఇగ గా గీతతోని గుత్తేదారు పని అయిపోయె. ఆడికెల్లి ఎటు పోయినమని అడిగిన మొగోడు లేడు."

"కింద ఆడోళ్లు నీళ్లు ముంచుకుంటరని ఎరుక లేదా?"

"జాగ జూపెట్టింది నువ్వే గదనే మామా. నువ్వు పోయమన్నకాడ పోస్తె తప్పేందో అనుకున్నం."

మోషే పక్కకు జరిగి బండికి దారి ఇచ్చాడు.

మర్నాడు పనిగంట కొట్టకముందే దఫేదారు వెంకటనర్సయ్య గదికి పోయి గడప బయట నిలబడ్డాడు. ఊడ్చేవాళ్ల హాజరీ, నాకా లెక్క, గుంతల లెక్క అన్నీ దఫేదారే రాస్తాడు. అంతా విని పుస్తకం తిరగేశాడు.

"నాకా దాటిన బండ్లు దాటినయి. బస్తీల చెత్త లేదు. నా పని సాఫ్ ఉన్నది."

"గుంతకాడికి సగమే వస్తున్నయి దొర."

"గుంతల పడ్డదాన్ని కప్పుడు నీ పని. నడిమిట్ల పడ్డది నన్నడుగుతవేందిరా? నాకా అవతల బస్తీ హద్దు కాదు."

"మూడిండ్లల్ల గత్తర వడ్డది. ఇద్దరు పోయిండ్రు. చెలిమలల్ల నీళ్లు సాఫ్ జేసే ఎర్రమందన్న ఏయించుండ్రి."

"ఎర్రమందు బావులకు. నా దగ్గర బావుల పట్టీ ఉన్నది. చెలిమ బావి కాదు. ఏడాదికో తాన తవ్వుతరు, దాన్నేమని రాస్తరు?"

మోషే కదలకుండా నిలబడ్డాడు. దఫేదారు గొంతు తగ్గించాడు. ఆయన దుర్మార్గుడు కాదు, భయస్తుడు.

"మోషే, విను. వాగుల ఇరవై బండ్ల చెత్త ఉన్నదని నేను రాస్తే, అది నాకా ఎట్ల దాటిందని నన్నే పట్టుకుంటరు. దాటిన బండ్ల లెక్కన ఆరో గుంత, ఏడో గుంత నిండినయని నేను పైకి రాసిచ్చిన."

"ఆరు సగమే నిండింది, ఏడు తవ్వి ఖాళీగ ఉన్నది దొర."

"అయితే నింపు. ఇన్‌స్పెక్టర్ సాబు మిరుగు పోయినంక సూడనీకి వస్తడు. నువ్వు నింపితే నాకూ మంచిదే, మీ వాడకూ మంచిదే. బండి మాత్రం అడుగకు. ఎవని బండి ఇయ్యాల్నో కాయిదంల లేదు."

వానలు మొదలయ్యే మిరుగు కార్తెకు ఎనిమిది రోజులుంది. మొదటి వాన గట్టిగా పడి వాగు పారితే ఆ కుప్పంతా చెలిమల మీదుగా పోతుంది. నలభై గడపల వాడ ఏడాదంతా తాగేది ఆ ఇసుక నీళ్లే. ఎనిమిది రోజుల్లో వాగు శుభ్రం కావాలి.

మోషే మొదట చెలిమలను పూడ్చేశాడు. ఆడవాళ్లు తిట్టారు. మైలున్నర దూరంలో దొరల మోటబావి ఉంది. వాడవాళ్లు దాని గట్టు ఎక్కకూడదు. మోట తోలేవాడు దయతలచి కాలువలోకి వదిలినప్పుడు కింద కడవ పెట్టి పట్టుకోవాలి. ఏసమ్మ నలుగురిని వెంటబెట్టుకుని రోజూ అక్కడ నిలబడి నీళ్లు తెచ్చింది. "కాచి తాగుండ్రి" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కట్టెలున్నవాళ్లు కాచారు.

పగలు ఆరో గుంత పని ముగించుకుని, పొద్దు వాలేముందు మోషే వాగులోకి దిగేవాడు. పారతో గీకి గంపకెత్తి మిట్ట మీదికి మోసేవాడు. తడి మలం ఉన్న చోట ముందు బూడిద చల్లి, గట్టిపడ్డాక ఎత్తేవాడు. గాజు పెంకులు, రేకు డబ్బాలు ఏరి పక్కన పడేసేవాడు. రెండు రోజులు మోస్తే రెండు బండ్ల చెత్త కూడా కదల్లేదు.

మూడో రోజు ఇస్తారి ఖాళీ బండి తోలుకొచ్చి గట్టు మీద ఆపాడు.

"గుత్తేదారుకు ఎద్దు కుంటుతుందని చెప్పి వచ్చిన" అన్నాడు.

"ఎద్దు మంచిగనే ఉన్నదిగ."

"నేను కుంటుతున్న అనుకో. పార యాడున్నది?"

"మస్తు తెలివి మీరినవు బిడ్డా. గా తెలివి పదిహేను రోజుల కింద ఉంటే ఎంత బాగుండు."

ఇస్తారి తల వంచుకుని పార అందుకున్నాడు. ఆ రోజు నుంచి రోజుకు అయిదు బండ్లు కదిలాయి. మోషే ఏడో గుంతలో తొందరపడలేదు. అడుగున పాత చెత్త, దాని మీద మలం కలిసిన ఇసుక, మళ్లీ చెత్త. ఆలస్యమైనా వేడి పుట్టేలా, ఎండినదాని మీద నీళ్లు చిలకరించాడు. బండిని నేరుగా గుంతలోకి వంచబోతే ఇస్తారిని ఆపాడు.

"కుప్ప పోస్తే నడుమ బోలు మిగుల్తది. పరుచు."

"పూడ్చేదానికి ఇంత సోకెందుకు మామా?"

"పూడ్చేది కాదు, వండేది."

అయిదో రోజు పర్వతాలు చనిపోయాడు. మర్నాడు ఏసమ్మకు వాంతులు మొదలయ్యాయి. నీళ్లు తేవడానికి పోతూనే సాయంత్రాలు కుప్ప ఎత్తడంలోనూ ఆమె చేయి వేసింది. మోషే పని ఆపి ఇంట్లో కూర్చున్నాడు. ఉప్పు వేసిన గంజి చెంచాతో పోశాడు. పోసిందంతా బయటికొచ్చింది. సాయంత్రానికి ఆమె గొంతు పూర్తిగా పోయింది. పెదవులు మాత్రమే కదిలాయి.

"ఇంకెంత ఉన్నది?"

"నాలుగు బండ్లు. ఇసుక గీకాలె."

"పో మరి. నా మొఖం జూసుకుంట కూసుంటవా?"

అతను పోలేదు. తెల్లవారేలోపు ఆమె పోయింది. ప్రార్థన చదివే పెద్దమనిషి గత్తర అని గుమ్మం దగ్గరే ఆగి చదివి వెళ్లాడు. గోతిని మోషే తనే తవ్వాడు. ఆరడుగుల లోతు, అంచులు నిలువుగా. గత్తర పీనుగకు సున్నం చల్లాలని తెలుసు కనుక సున్నం చల్లాడు. మధ్యాహ్నం ఇంటికి పోకుండా నేరుగా వాగుకు వచ్చాడు. ఇస్తారి ఒక్కడే రెండు బండ్లు ఎత్తి ఉన్నాడు. అతన్ని చూసి గంప అందించాడు.

మిగిలింది ఎత్తారు. కుప్ప ఉన్న చోట ఇసుకను జానెడు లోతు గీకి అదీ ఎత్తారు. అడుగున సున్నం పరిచారు. ఎనిమిదో రోజు సాయంత్రం ఏడో గుంత మీద మట్టి కప్పి పార వెనుక భాగంతో అదిమారు. ఆ రాత్రే వాన పడింది. పొద్దున వాగులో పారిన నీళ్లు ఎర్రగా, ఒట్టి మట్టి రంగులో ఉన్నాయి. ఒక్క విస్తరాకు కూడా తేలలేదు. ఆడవాళ్లు కుప్ప పడ్డ చోటును వదిలి, బండ్లబాటకు బాగా ఎగువన కొత్త చెలిమలకు ఇసుక చూసుకున్నారు. వాడలో ఆ తర్వాత కొత్తగా ఎవరూ పడలేదు.

వానకు ఏడో గుంత నాలుగు వేళ్లు కుంగింది. మోషే మట్టి తెచ్చి ఆ పల్లం నింపుతుండగా వెంకటనర్సయ్య గొడుగు పట్టుకుని మిట్ట ఎక్కాడు. ఏసమ్మ సంగతి ఆయనకు తెలిసింది. చెప్పులు విడిచి నిలబడి, ఆ తర్వాత గుంత పొడవు అడుగులతో కొలిచాడు.

"ఆమె జాగాల ఇంకొకామెను రాసుకోవాలె" అన్నాడు. "నీ కోడలు ఎస్తేరు ఉన్నది గద."

"అడుగుత."

"ఇంకేమన్న ఉంటే చెప్పు."

"సుద్ద గీత గుంతకాడ పెట్టించుండ్రి దొర. నాకా కాడ వద్దు."

"అది నా చేతుల లేదు మోషే."

మోషే ఇంకో గంప మట్టి కుమ్మరించాడు. కిందికి చూస్తే బాట మీద బండ్లు వస్తున్నాయి. మూడు. ఆరింటిలో మిగిలిన మూడు ఎక్కడున్నాయో ఇద్దరూ అడగలేదు.

మోషే చువ్వను ఏడో గుంతలోకి దించి, కాసేపుంచి, లాగి, కొనను దఫేదారు వైపు చాచాడు. వెంకటనర్సయ్య చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. పుస్తకంలో ఏడో గుంత నిండినట్టు అంతకు ముందే రాసి ఉంది. కొత్తగా రాయడానికేమీ లేదు. మోషే నంబరు చెక్కను గుంత తలాపున పాతి, కదలకుండా రాయితో కొట్టి, "చూసుకోండ్రి దొర, పని అయింది" అని పారను ఆయన ముందు దించాడు.