కడప దాటిన ఎర్రమ్మ

తెలుగు తనతోనే పుట్టిందని వెంకటరామారావు మాస్టారి నమ్మకం. రిటైరై వైరాలో ఉంటూ, ఎవరూ అడక్కపోయినా సభలకు అధ్యక్షుడయ్యేవాడు. 2004 వేసవిలో దుమ్ముగూడెం దగ్గరి ఒక ఊళ్లో, వయోజన విద్యా కేంద్రానికి కార్యకర్తను ఎంచే పని ఆయనకే అప్పగించారు. పరీక్షా ఆయనదే: ఏడు అక్షరాల అట్టముక్కలు, అరగంట, వీలైనన్ని మాటలు. మాటలో ఒక ముక్కను ఒక్కసారే వాడాలి. ఊళ్ల పేర్లు చెల్లవు. సందేహం వస్తే నిఘంటువుదే తీర్పు. ఇద్దరూ సమానమైతే పెద్ద చదువుకే పదవి.

చివరికి మిగిలింది ఇద్దరు. హైమ డిగ్రీ చదివిన రైతుబిడ్డ. ఎర్రమ్మ బీడీలకు తునికాకు కోసే కోయ మనిషి, నలభై దాటాక ఆ కేంద్రంలోనే అక్షరాలు దిద్దింది. పని రాకపోతే ఆమె మోకాళ్లకు మళ్లీ అడవే గతి.

క, గ, డ, ప, మ, ర, ల.

హైమ తోచినవి తోచినట్టు రాసుకుపోయింది. ఎర్రమ్మ ‘క’ను ముందు పెట్టి, మిగతా ఆరింటినీ ఒక్కొక్కటే దాని పక్కకు జరిపింది. కడ, కల. ప్రతి జతకూ మిగిలిన అయిదింటినీ చేర్చి చూసింది. కడప, కలప. ‘క’ పని అయ్యాక ‘గ’.

మాస్టారు నవ్వాడు. “మాటలంటే చింతపండులో గింజలు తీయడం కాదమ్మా.”

“ఒక్క చెట్టు ఇడిసినా కట్ట తక్కువైతది సారూ.”

‘పడ’ దగ్గర ఆయన మళ్లీ వంగాడు. “దానికి అర్థమేదీ?”

“దానికి లేకున్నా, దాని ఎనక వచ్చేదానికి ఉంటదేమో.”

దాని వెనక పడక, పడగ వచ్చాయి. ‘పడ’కు రెండు ముక్కలు చేరిస్తే పడమర. హైమ కాగితంలో పడమర లేదు. ఎర్రమ్మ మాత్రం హైమ రాసిన ‘పర’ను అర్థం లేనిదనుకుని రాయలేదు. లెక్కలో హైమకు పదిహేను, ఎర్రమ్మకు పదహారు.

మాస్టారు ఎర్రపెన్ను తీసి ‘కడప’ను కొట్టేసి, లెక్కను చెరి పదిహేనుకు తెచ్చాడు. “ఊరి పేరు. బస్సెక్కితే తెలిసేది.”

“ఊరేంది సారూ? మీరు చెప్పులిడిసింది దేని ముందు?”

“అది గడప. రాశావుగా.”

“మీకు గడప. మాకు కడప.”

“మీ ఇంట్లో పలికిందల్లా తెలుగైతే మేమెందుకు?”

“గదే అడుగుదామనుకున్న,” అంది ఎర్రమ్మ. “గా పుస్తకం తెరువుండ్రి. తీర్పు దానిదని మీరే అంటిరి.”

నిఘంటువు అప్పటిదాకా కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంది. ఆయన తెరవలేదు. హైమే తెరిచి, వేలు పెట్టి చదివింది: “కడప: గడప, ద్వారబంధపు కింది కమ్మి.”

“మాండలికం,” అని గొణిగాడు మాస్టారు.

“ఉన్నదా, లేదా?”

“ఉందండీ,” అంది హైమ, ఆయన వైపు చూడకుండా.

ఆయన కళ్లద్దాలు తుడిచాడు, మళ్లీ తుడిచాడు. కొట్టేసిన మాట పక్కన టిక్కు పెట్టేసరికి కాగితం చిరిగింది.

ఎర్రమ్మ ముక్కలన్నీ డబ్బాలో సర్ది, తలుపు దాకా నడిచి, కొయ్య మీద కాలు మోపి వెనక్కి తిరిగింది.

“కడప కాడ నిలబడ్డ సారూ. కేంద్రం తాళంచెవి ఇస్తరా?”