కాళ్ళొత్తిన కూతురికి ఉత్తరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో చావు కబురు తెచ్చిన కార్డును గడప దాటనిచ్చేవారు కాదు. పోస్టుమాన్ ఇవ్వగానే వాకిట్లోనే నిలబడి చదవడం, చదివిన చేత్తోనే ముక్కలు చేసి పారేయడం, కాళ్ళు కడుక్కుని లోపలికి రావడం. ఆ కార్డుల్లో ఉండేది కూడా రెండే ముక్కలు. ఫలానావారు కాలం చేశారు, ఫలానా రోజున పెద్దకర్మ. ఎలా పోయారో, పక్కన ఎవరున్నారో ఎవరూ రాసేవారు కాదు. చింపేసే కాగితానికి అంత రాత ఎందుకనుకునేవారేమో.

హనుమాన్ జంక్షన్ అవతల ఒక పల్లెలో ఉండే మా అమ్మమ్మ చెల్లెలు పోయినప్పుడు కూడా అలాంటి కార్డే వచ్చింది, అదీ అంతా అయిపోయాక. అమ్మమ్మకు అప్పుడు చలిజ్వరం. లేచి నిలబడే ఓపిక లేదు. తాతయ్య కార్డు చదివి చింపేశాడు గానీ అమ్మమ్మ నోరు చింపలేం కదా. మొన్నటిదాకా తిరుగుతున్న మనిషికి ఏమైంది, ఎవరు చూశారు, మంచినీళ్ళన్నా పోశారా అని అడిగిందే అడుగుతుంది. సంక్రాంతి ముందు చెల్లెలితో ఏదో మాటామాటా అనుకుందట. ఆ బెంగతోనే పోయిందేమోనని తన మీద తనే నేరం మోపుకుంది. ఇంట్లో ఆడవాళ్ళంతా ఊరుకో ఊరుకో అన్నవాళ్ళే. ఊరుకోమంటే ఊరుకునేదైతే అది ఏడుపెందుకవుతుంది?

తాతయ్య ఎవరికీ ఏమీ చెప్పకుండా చొక్కా తొడుక్కుని బస్సెక్కాడు. అక్కడ ఒక రాత్రి ఉండి మర్నాడు పొద్దున వచ్చాడు. వచ్చీ రాగానే అమ్మమ్మ మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని, చెల్లెలి ఆఖరి రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచీ చెప్పుకుంటూ వచ్చాడు. కల్లాపి చల్లింది. పెసలు చెరిగింది. గుండెల్లో బరువుగా ఉందని మడతమంచం మీద పడుకుంది. కోడలు మజ్జిగ ఇస్తే రెండు గుక్కలు తాగింది. పక్కింటావిడ వచ్చి విసురుతూ కూర్చుంది. వైద్యుడి కోసం మనిషి వెళ్ళాడు, వచ్చేసరికి ప్రాణం పోయింది. ఇవన్నీ ఆయన ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని అడిగి తెలుసుకున్నవే. అమ్మమ్మ మధ్యలో ఒక్కసారి అడ్డం వచ్చి, నా పేరు తలిచిందా అంది. తాతయ్య, అడిగాను, ఎవరూ వినలేదన్నారు అని చెప్పాడు. మరి నా మాటల వల్లేనా అంటే, అది చెప్పగల మనిషి ఎవరూ లేరే, నాకు తెలీదు అన్నాడు.

నాకు తాతయ్య మీద కోపం వచ్చింది. బావి దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి, తలిచిందని చెప్తే నీ సొమ్మేం పోయింది అని దెబ్బలాడాను. ఆయన నవ్వలేదు, కసరలేదు. "ఒరేయ్ నాన్నా, ఆ ఒక్కటి అబద్ధమని ఎప్పుడన్నా తెలిసిందనుకో, ఆ మజ్జిగా, విసనకర్రా అన్నీ అబద్ధమైపోతాయిరా మీ అమ్మమ్మకి" అన్నాడు. అప్పటికి నాకు సగమే అర్థమైంది. అమ్మమ్మ ఆ రోజు కడుపారా ఏడ్చి, సాయంత్రానికి ఇంత జావ తాగింది.

నేను ఎముకల డాక్టరునయ్యాను. విజయవాడలో పనిచేస్తూ పనిచేస్తూ జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ఇతరుల మోకాళ్ళు మార్చడం మాత్రం మానలేదు. ఈ మధ్యే పామర్రు వైపు నుంచి ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. ఎండబెట్టిన మినుములు ఎత్తబోయి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగా జరిగింది. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా పొట్టకిచ్చే ఇంజెక్షన్లు వేళకు పడ్డాయి. వాకర్ పట్టుకుని నడిచింది. నేను రౌండ్స్‌కి వెళ్తే, ముందు నువ్వేమన్నా తిన్నావా బాబూ అని అడిగేది. మా ఆసుపత్రి పప్పులో పులుపు లేదని పంచాయితీ పెట్టేది. ఒక్కగానొక్క కూతురు రాత్రింబవళ్ళు పక్కనే ఉండి చూసుకుంది.

రేపు ఇంటికి పంపిద్దామనుకున్న రోజు పొద్దున ఆవిడ పిక్క లాగుతోందంది. నర్సుకు చెప్తానంటే, చెప్పావంటే ఇంకో రెండ్రోజులు ఉంచేస్తారే అని కూతుర్ని ఆపింది. మన ఇళ్ళల్లో అమ్మ కాళ్ళు నొప్పంటే కూతురు ఏం చేస్తుంది? నువ్వులనూనె రాసి బాగా ఒత్తింది. కాసేపటికి బాత్రూమ్‌కని లేచిన మనిషి ఊపిరి ఆడటం లేదంటూ కూలబడిపోయింది. మేం పరిగెత్తుకొచ్చాం. మంచం దగ్గరే చేసిన గుండె స్కానులో కుడివైపు గది ఉబ్బి ఉంది. కాలిలో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరినప్పుడు కనిపించే తీరది. చాలాసేపు పోరాడాం. లాభం లేకపోయింది.

ఆ అమ్మాయిని, అల్లుణ్ణి పక్క గదిలో కూర్చోబెట్టి నేనే చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు. నూనె జిడ్డు ఇంకా పోని తన చేతుల వంక చూసుకుంటూ, "నేను కాళ్ళు ఒత్తానండీ, దానివల్లేనా?" అంది. ఇప్పుడవన్నీ వద్దమ్మా అన్నాను. పోస్టుమార్టం చేయిస్తే కారణం ఖాయంగా తెలియొచ్చన్నాం, ఇంక ఆవిడ ఒంటి మీద కత్తి పెట్టొద్దని బతిమాలుకున్నారు. తీసుకెళ్ళిపోయారు. ఆ ప్రశ్న మాత్రం నా దగ్గరే మిగిలిపోయింది.

ఇలాంటి మరణం తరువాత మా ఆసుపత్రిలో ఒక సమీక్ష జరుగుతుంది. కేస్‌షీటు మొదటి నుంచీ చదివి, ఏది చేశాం, ఏది చేయలేదు అని డాక్టర్లు, నర్సులు కూర్చుని చూసుకుంటారు. మందులో లోటు లేదని తేలింది. ఆ ఇంజెక్షన్లు ముప్పును తగ్గిస్తాయి గానీ పూర్తిగా తీసేయవు. కానీ పిక్క నొప్పి వచ్చినా వాచినా వెంటనే చెప్పాలని, ఒత్తకూడదని పక్కనుండే మనిషికి చెప్పినట్టు ఎక్కడా లేదు. నేనూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పుంటారులే అని అందరం అనుకున్నాం.

కుటుంబానికి సంతాపం తెలుపుతూ పంపడానికి ఆసుపత్రిలో అచ్చేసిన కాగితం ఒకటి ఉంది. పేరు దగ్గర ఖాళీ, కింద సంతకం. అది నాకు పాత రోజుల కార్డులాగే కనిపించింది. పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకున్నాను. జీవితమంతా మందులచీటీలు రాసిన చెయ్యి, తెలుగు ఒత్తులు సరిగా పడలేదు. రెండుసార్లు చించి మళ్ళీ రాశాను. మేం చేయగలిగిందంతా చేశాం అని మొదట రాసి కొట్టేశాను, అది నన్ను నేను కాపాడుకునే మాట. మీ బాధ నాకు తెలుసు అనే మాటా తీసేశాను, నాకేం తెలుసు? దైవనిర్ణయం అనేది నేను చెప్పాల్సింది కాదు. ఆ పెద్దావిణ్ణి పేషెంటు అనకుండా పేరుతో రాశాను. ఆవిడ పోయినందుకు నాకు కలిగిన బాధ రాశాను. నన్ను తిన్నావా అని అడిగిన సంగతీ, పప్పు పంచాయితీ రాశాను. కూతురు ఎంత కనిపెట్టుకుని ఉందో నేను కళ్ళారా చూశానని రాశాను. ఆ తరువాత కలం ఆగింది.

కానే కాదమ్మా, నీ తప్పేం లేదు అని రాస్తే ఒక్క వాక్యంతో పోతుంది. కానీ గట్టిగా ఒత్తితే కాలిలో ఉన్న గడ్డ కదలొచ్చు. ఒత్తకపోయినా, లేచి నడిచినా, ఊరికే పడుకున్నా కూడా కదలొచ్చు. ఆ రోజు ఏది జరిగిందో పోస్టుమార్టం చేసినా తేలేది కాదు. చివరికి ఇలా రాశాను:

"మీరు ఆ రోజు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. విరిగిన ఎముక వల్ల, ఆపరేషన్ వల్ల కాలిలో గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని మేం అనుకుంటున్నాం. గడ్డ కట్టింది మీరు ఒత్తడం వల్ల కాదు. అది కదలడానికి ఒత్తడం కారణమా కాదా అన్నది నాకు తెలియదు, ఎవరికీ తెలిసే వీలు లేదు. పిక్క నొప్పి వస్తే చెప్పమని, ఒత్తవద్దని మీకు మేం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. అందుకు క్షమించమని అడుగుతున్నాను. మీరు ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు నేనే కూర్చుని అన్నీ చెప్తాను. రాకపోయినా ఫరవాలేదు."

ఆసుపత్రి లాయరుగారు ఆ క్షమాపణ వాక్యాల దగ్గర వేలు పెట్టారు. సానుభూతి ఎంతైనా చెప్పండి, సారీ అంటే తప్పు ఒప్పుకున్నట్టేం కాదు, కానీ చెప్పి ఉండాల్సింది అన్నది వేరండీ, రేపు అదే కాగితం కోర్టులో కనబడుతుంది అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఆయన పని అది. ఆ వాక్యం తీసేస్తే ఆ బరువంతా ఆ పిల్ల చేతుల మీదే ఉండిపోతుందండీ అన్నాను. సూపరింటెండెంటుగారు నాకంటే చిన్నవాడు. రెండుసార్లు చదివి, సమీక్షలో రాసుకున్నదే కదా, పంపండి సార్ అన్నాడు. ఆఫీసు వాళ్ళు పంపే మిగతా కాగితాలతో కలపకుండా విడిగా రిజిస్టర్ పోస్టులో పంపించాను. ఆ తరువాత వార్డులో పక్కనుండేవాళ్ళకు పిక్క నొప్పి సంగతి చెప్పే పని ఒక నర్సుకు ప్రత్యేకంగా అప్పగించాం.

పెద్దకర్మ అయ్యాక ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టే హక్కుంది. వచ్చి కూర్చుంది. "మా ఇంట్లో అందరూ నీవల్ల కాదంటున్నారండీ. కాదన్నప్పుడల్లా నాకు అవుననే వినబడుతోంది. మీరొక్కరే తెలీదన్నారు" అంది. ఆ పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పమంది. ఎవరు ముందు వచ్చారో, ఎవరు ఛాతీ మీద నొక్కారో, వాళ్ళమ్మకు స్పృహ ఎప్పుడు పోయిందో, నొప్పి తెలిసిందో లేదో అన్నీ వరసగా చెప్పాను. తెలిసినవి తెలిసినట్టు, తెలియనివి తెలియదని. అప్పుడు మళ్ళీ అడిగింది.

"అయితే ఎప్పటికీ తెలీదంటారా?"

"తెలీదమ్మా."

అప్పుడు ఏడ్చింది, ఆ రోజు ఏడవని ఏడుపంతా. నేను ఊరుకోమనలేదు. మంచినీళ్ళు దగ్గర పెట్టి కూర్చున్నాను. బయట ఓపీలో జనం పెరుగుతున్నారు, నా మోకాళ్ళు సలుపుతున్నాయి, ఒళ్ళంతా అలసట. అయినా లేవాలనిపించలేదు. ఓదార్చే విద్య నాకు ఇన్నేళ్ళలోనూ రాలేదు. ఏడ్చే మనిషి దగ్గర అబద్ధం చెప్పకుండా కూర్చోవడం మాత్రం మా తాతయ్య నేర్పాడు. చాలాసేపటికి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, వెళ్ళొస్తానండీ అని లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మీరేమన్నా తిన్నారా?" అంది.