గిరాకీ వైపు తిప్పిన మానిటర్

ధర్మవరంలో నాది సెల్‌ఫోన్ రిపేరు కొట్టు. పట్టుచీరల ఊరు కదా, డిజైన్ ఒకటి బయటికి పొక్కితే నేతగాళ్లు ఊరుకోరు. అందుకని నేనేం చేస్తున్నానో కనబడేలా నా మానిటర్ ఎప్పుడూ గిరాకీ వైపే తిరిగి ఉండేది. ఆ నిజాయితీ చూసుకుని నాకు మహా పొగరు.

ఒక మధ్యాహ్నం ఒకామె భర్తతో వచ్చింది. ఫోన్‌లో బొమ్మ కనబడుతోంది గానీ టచ్ చచ్చిపోయింది. ఆరేళ్లుగా ఆమె గీసిన బార్డర్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.

కేబుల్ తగిలించి, కంప్యూటర్ మౌసూ కీబోర్డూ ఫోన్‌కే పని చేసేలా పెట్టాను. ఆమె చెప్పిన పిన్ కొట్టాను. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, అనుమతి అడిగితే ఇచ్చాను. ఫోన్ తెర మొత్తం మానిటర్ మీదికి వచ్చింది.

"అన్నా, దాన్ని నీ పక్కకు తిప్పుకోరాదా?" అంది ఆమె.

"ఏమమ్మా, అంత రహస్యాలేముండాయి?" అని నవ్వాను. ఆయనా నవ్వాడు.

ఫొటోలు కంప్యూటర్‌లోకి, అక్కడినుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాయి. చివరి ఫోల్డర్ నడుస్తుండగా తెర పైన 'బెంగళూరు అక్క' అన్న పేరుతో మెసేజ్ దిగింది: 'సోమవారం డిజైన్లు తీసుకొని రా. పని ఇస్తామన్నారు. పాపను తెచ్చుకో. ఆయనకు చెప్పొద్దు.'

నేను మౌస్ కదిపేలోపే ఆయన చదివేశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అన్నీ తీసెయ్ అన్నా. ఫోన్‌లోవి, నీ దాంట్లోవి, పెన్‌డ్రైవ్‌లోవి."

"ఆమెవి కదప్పా?"

"ఫోన్ నాది. పెండ్లాము నాది. ఇంగ ఆమెవేముండాయి?"

మగ్గాల వీధిలో సగం మంది ఆయన మాట మీదే నా కొట్టుకు వచ్చేవాళ్లు. సిగ్గులేకుండా చెబుతున్నాను, అదే ఆలోచించాను. గ్యాలరీలో అన్నీ ఎంచి డిలీట్ కొట్టాను. ఫోన్ చెత్తబుట్టా ఖాళీ చేశాను. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేశాను. నా కాపీ కూడా ఆయన కళ్లముందే తుడిచేశాను. హంసలూ మామిడిపిందెలూ ఒక్కొక్క వరుసే మాయమవుతుంటే ఆమె కళ్లు తిప్పుకోలేదు. ఆయన ఆమె భుజం పట్టి తెర ముందే నిలబెట్టాడు.

"చూడు, బాగా చూడు," అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత ఆమె ఒంటరిగా వచ్చింది. పెదవి చిట్లి ఉంది. మెట్టు ఎక్కకుండా బయటే నిలబడింది.

"మీ కంప్యూటర్లలో యాడో ఒకచోట మిగిలి ఉంటాయంట గదన్నా. ఒక్కటన్నా చూడు."

నిజానికి ఆ రోజే ప్రయత్నించి ఉంటే కొన్నయినా తిరిగొచ్చేవేమో. నాలుగు రోజులుగా నా కంప్యూటర్ డిస్క్ మీద, వాటి జాడ కూడా చెరిగిపోయేలా, వేరేవాళ్ల పెళ్లి వీడియోలు ఎక్కించుకుంటూ కూర్చున్నాను. వెతికాను. ఏమీ దొరకలేదు.

"లేవమ్మా," అన్నాను.

"ఆ పొద్దు నీ పక్కకు తిప్పుకోమంటి కదన్నా," అని ఆమె వెళ్లిపోయింది.