వాయనం పుచ్చుకున్న మర్నాడు ఇచ్చిన ఫిర్యాదు

మా ఫ్లాటు రెండో అంతస్తులో నడవ చివర ఉంది. లిఫ్టు నుంచి మా గుమ్మం దాకా తిన్నగా సాగే ఆ నడవ చూసే మేము ఆ ఇల్లు కొనుక్కున్నాం. ఒక పక్క ఇళ్ళ తలుపులు, రెండో పక్క నడుమెత్తు గోడ, దాని మీద ఇనుప కడ్డీ. సాయంత్రమయ్యేసరికి గోదారి మీంచి గాలి వచ్చేది. మా వారు నీటిపారుదల శాఖలో, కాలవ మీద పడవల్ని దాటించే లాకుల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. "కాలవ గట్టులా ఉంది, దీన్ని కొనేద్దాం" అన్నారు. నేను అడుగుల లెక్క చూసుకున్నాను, ఆయన గాలి చూసుకున్నారు.

2002 మార్చి 28, గురువారం నాడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట ముద్దయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక ఫిజియోథెరపీ చేసే అబ్బాయి రోజు విడిచి రోజు వచ్చేవాడు. మే నెలలో ఆయన్ని నిలబెట్టాడు. జూన్‌లో వాకర్ పట్టించి నాలుగడుగులు వేయించాడు.

"మొదటి ఆరు నెలలూ బంగారం అండి, అమ్మగారూ. ఎంత నడిపిస్తే అంత వెనక్కొస్తుంది. తరవాత ఎంత తంటాలు పడ్డా ఉన్నది నిలబెట్టుకోడమే" అన్నాడు.

ఆరు నెలలంటే సెప్టెంబరు 28. క్యాలెండరులో ఆ గడి చుట్టూ సున్నా చుట్టాను.

మా హాల్లో నడవడానికి చోటు లేదు. మంచం, కుర్చీలు, బీరువా తీస్తే మిగిలేది తిరగడానికే చాలదు. ఆయన నడవాల్సింది నడవలోనే. వెళ్ళేటప్పుడు ఎడం చెయ్యి కడ్డీ మీద వేసి, కుడి చేతికి నేను ఆసరాగా నిలిచి నడిపించేదాన్ని, వచ్చేటప్పుడు వాకర్ పట్టించేదాన్ని. ఒకనాడు మూడో తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. ఆ రోజు ఆయన నవ్విన నవ్వు సగం ముఖంలోనే కనిపించినా, నాకు పూర్తిగానే అందింది.

మా పక్క ఫ్లాటులో ఉండేది నడివయసు ఆవిడ, ఆవిడ భర్త. అతను ఉద్యోగం చేసే కంపెనీ మూతపడింది. జూన్ చివర్లో ఆవిడ పిండి వ్యాపారం మొదలుపెట్టింది. ఇడ్లీ పిండి, దోసెల పిండి, గారెల పిండి. మొదట ఒక గ్రైండరు, నెల తిరక్కుండా ఇంకో రెండు పెద్దవి. తెల్లవారుజామున మొదలైన రుబ్బుడు పొద్దెక్కేదాకా ఆగేది కాదు, మళ్ళీ మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా. మాకూ వాళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక గోడ. మా వారి మంచం ఆ గోడకే ఆనుకుని ఉండేది. గోడతో పాటు మంచమూ సన్నగా వణికేది. నిద్రపట్టక, మాట రాక, ఆయన ఎడం చేత్తో గోడ మీద కొట్టేవారు. ఆ మోతలో అది ఎవరికి వినిపిస్తుంది?

మోత ఒక ఎత్తు, నడవ ఒక ఎత్తు. మినపప్పు నానేసిన ప్లాస్టిక్ టబ్బులు, ఇడ్లీ రవ్వ బస్తాలు, టిఫిన్ హోటళ్ళ వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళే స్టీలు క్యాన్లు, రెండు గ్యాసు సిలిండర్లు, అన్నీ కడ్డీ వైపే సర్దింది. నేల మీద ఎప్పుడూ జిగట నీళ్ళు. వాకర్ కాళ్ళు ఆ జిగట మీద జారేవి. జులై మొదటి వారంలో ఒకసారి ఆయన పడబోయి బస్తా మీద కూలబడ్డారు. దెబ్బ తగలలేదు గానీ, నాలుగు రోజులు గుమ్మం దాటనన్నారు.

మర్యాదగానే చెప్పాను. "అయ్యో, తీసేస్తాను పిన్నిగారూ, బాబాయిగారు నడవాలి కదండీ" అనేది. ఒకపూట తీసేది, మళ్ళీ పెట్టేది. ఇంట్లో ఉన్నవి మూడు గదులు, మూడింట్లోనూ గ్రైండర్లే. పాపం ఎక్కడ పెడుతుంది అనీ అనిపించేది. క్యాలెండరు చూస్తే ఆ పాపం పోయేది.

పై అంతస్తు ఆవిణ్ణి నాతో కలిసి సంతకం పెట్టమని అడిగాను. "మోత నిజమేనండి, మా పడగ్గదిలోకీ వస్తుంది. కానీ ఆవిడ పిండి లేకపోతే మా ఇంట్లో పొద్దున్నే టిఫినుండదండి. సంతకం మాత్రం అడక్కండి" అంది. ఎవరిని అడిగినా అదే. ఆవిడ అందరిళ్ళకీ రేటు తగ్గించి పోస్తోంది. మా ఇంటికైతే డబ్బులు కూడా పుచ్చుకోనంది. నేను మాత్రం ఒక్కరోజూ తీసుకోలేదు.

ఆగస్టు 14, బుధవారం నాడు నా ఒక్కదాని పేరు మీదే కాగితం రాశాను. సంఘం నియమావళిలో ఉమ్మడి స్థలంలో సామాను పెట్టరాదని ఉంది, నివాసపు ఫ్లాటులో వ్యాపారం చేయరాదనీ ఉంది. ఆ రెండు నిబంధనల నంబర్లూ వేశాను. రోగి సంగతి రాశాను. సిలిండర్లు దారికి అడ్డంగా ఉన్నాయని, నిప్పంటుకుంటే చివరి ఫ్లాటు వాళ్ళకి బయటపడే దారి లేదని రాశాను. ఫిర్యాదు సెక్రటరీ చేతికి ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. కిందికి వెళ్తే సెక్రటరీ ఊళ్ళో లేడు. బంధువులతో అన్నవరం వ్రతానికి వెళ్ళాడు, శనివారం వస్తాడన్నారు.

ఈలోగా శుక్రవారం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం. పక్కింటావిడ స్వయంగా వచ్చి పేరంటానికి పిలిచింది. వెళ్ళకూడదనుకున్నాను. కానీ మంచంలో ఆయన ఉన్నారు. ఆ ఏడాది, ఆ స్థితిలో, పసుపు కుంకుమ పెడతామని పిలిస్తే కాదనడానికి నాకు ధైర్యం చాల్లేదు. వెళ్ళాను. గ్రైండర్ల మీద దుప్పట్లు కప్పి, మధ్యలో పీట వేసి, కలశం పెట్టింది. నా కాళ్ళకి పసుపు రాసి, నానబెట్టిన శనగలు, అరటిపళ్ళు, జాకెట్టు గుడ్డ వాయనం ఇచ్చి దణ్ణం పెట్టింది. "బాబాయిగారు లేచి తిరగాలండి" అంది. అబద్ధంగా అనలేదు. తిరిగొస్తూ ఆవిడ టబ్బులు తప్పించుకుని గోడ వారగా నడిచాను.

శనివారం సెక్రటరీ వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళు సబ్ ట్రెజరీలో పనిచేసిన దాన్ని. బిల్లు ఏ రోజు దాఖలు చేస్తే ఆ రోజు తేదీయే పడాలి, పాత తేదీ వేస్తే తిప్పి పంపేవాళ్ళం. అందుకని బుధవారం నాటి కాగితం చింపేసి, 17-8-2002 అని వేసి మళ్ళీ చక్కగా రాసి ఇచ్చాను. నకలు మీద సంతకం తీసుకున్నాను.

సెక్రటరీ పద్ధతి ప్రకారమే చేశాడు. ఒక ప్రతి పక్కింటి వాళ్ళకి ఇచ్చి, జవాబు చెప్పుకోమన్నాడు. నెలకోసారి మొదటి ఆదివారం కమిటీ కూర్చుంటుంది, అందాకా ఆగాలన్నాడు.

"అంతకు ముందు కూర్చోలేరా అండీ?"

"కూర్చోవచ్చండి, కానీ ఏడుగుర్నీ ఒకచోట కూర్చోబెట్టడం నా వల్ల కాదండి మేడంగారూ. ఒకటో తారీఖే ఆదివారం కదా. ఎంతలోకొచ్చిందండీ!"

ఎంతలోకొచ్చిందో నాకు తెలుసు.

సెప్టెంబరు ఒకటిన సెల్లారులో, స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కమిటీ వాళ్ళు కాక ఆడవాళ్ళు కూడా చాలామంది వచ్చి నిలబడ్డారు. ప్రెసిడెంటు గారు బ్యాంకులో చేసి రిటైరైనాయన. నా కాగితం పైకి చదివి, నిబంధనలు చూసి, "ఇందులో వాదించడానికేముందండీ, నడవ ఖాళీ చెయ్యాల్సిందే. వారం గడువిచ్చి నోటీసు ఇద్దాం. వ్యాపారం సంగతి మళ్ళీ చూద్దాం" అన్నారు. నా గుండె కుదుటపడింది.

అప్పుడు పక్కింటావిడ లేచింది. కోపంగా అనలేదు.

"నేను కాదన్ను సార్. ఒక్కసారి ఆ కాగితం మీద తారీఖు చదవండి."

"పదిహేడు."

"పదహారో తారీఖు సాయంత్రం పిన్నిగారికి నా చేత్తో కాళ్ళకి పసుపు రాశానండి. వాయనం పుచ్చుకున్నారు. తెల్లారి నా మీద కాగితం ఇచ్చారు. నా ఇంటి శనగలు అప్పటికి మొలకైనా ఎత్తి ఉండవు సార్."

ఎవరో నవ్వారు, వెంటనే ఆపేశారు. వెనక నుంచి ప్రెసిడెంటు గారి భార్య, "అయ్యో, అదేం పనండీ! వాయనం పుచ్చుకుని!" అంది.

నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "రాసింది బుధవారమే. సెక్రటరీ గారు లేరు. ఇచ్చిన రోజు తేదీ వేశాను."

పక్కింటావిడ నా వైపు తిరిగింది. "అంటే బుధవారమే రాసి పెట్టుకుని, శుక్రవారం వచ్చి నా పీట మీద కూర్చున్నారా పిన్నిగారూ?"

ఎందుకు వెళ్ళానో అంతమందిలో చెప్పుకోలేను. చెప్పినా అది నిబంధనలకి సంబంధించింది కాదు. నడవ సంగతి, సిలిండర్ల సంగతి, మంచంలో ఉన్న మనిషి సంగతి అందరూ ఒక్కసారిగా మరిచిపోయారు. "ఇరుగుపొరుగు అన్నాక సర్దుకుపోవాలండి" అన్నాడొకాయన. ఆయన ఇంటికి రోజూ రెండు డబ్బాల పిండి వెళ్తుంది. ఇంకొకాయన, "ఆడవాళ్ళ మధ్య వచ్చింది, మనం నోటీసులంటే ఏం బాగుంటుందండీ" అన్నాడు.

నోటీసు ఆగిపోయింది. చివరికి మినిట్స్ పుస్తకంలో ఇలా రాశారు: ఇరుపక్షాలూ సామరస్యంగా సర్దుకోవాలి, సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా రోగి నడక కోసం నడవ ఖాళీ చేయాలి. నా చేత, ఆవిడ చేత సంతకాలు పెట్టించారు.

మర్నాడు అయిదింటికి ఆవిడ టబ్బులు ఈడ్చింది. బస్తాలు భుజాన వేసుకుంది. క్యాన్లు ఒకటొకటే లోపలికి లాగింది. చెమటతో జాకెట్టు తడిసిపోయింది. మా వారు వాకర్ పట్టుకుని మా గుమ్మంలో నిలబడి అదంతా చూశారు. ఆవిడ గోడకి ఆనుకుని, "రండి బాబాయిగారూ" అంది. ఆయన ఒక్క అడుగు వేసి ఆగారు. తల అడ్డంగా ఊపి లోపలికి తిరిగారు.

మంచం మీద కూర్చోబెట్టాక ముద్దముద్దగా అన్నారు. "ఆడమనిషి... నా కోసం... బస్తాలు మోస్తుంటే... నేను షికారు వెళ్ళనా?"

"షికారు కాదండీ, మందు."

వినలేదు. మర్నాడూ లేవలేదు. బతిమాలాను, కోప్పడ్డాను, ఫిజియోథెరపీ అబ్బాయి చేత చెప్పించాను. మూడో నాడు ఆయన రారని తెలిసి ఆవిడా బస్తాలు తీయడం మానేసింది. ఆవిణ్ణి అనడానికి నాకేం మిగిలింది? సంతకం పెట్టిన కాగితంలో రోగి నడక కోసం అనే ఉంది. రోగి నడవటం లేదు.

వినాయక చవితి వెళ్ళింది. సెప్టెంబరు 28 శనివారం వచ్చింది. ఆ రోజు ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నారు. గోడ వణుకుతూనే ఉంది. ఎడం చెయ్యి గోడ మీద కొట్టడం కూడా మానేసింది.

జనవరిలో పక్కింటావిడ వ్యాపారం పెరిగి, బజారులో ఒక గది అద్దెకు తీసుకుని గ్రైండర్లన్నీ అక్కడికి తరలించింది. వెళ్ళేముందు నడవంతా తనే కడిగింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

ఆయన్ని చక్రాల కుర్చీలో గుమ్మం దాకా తీసుకొచ్చి చూపించాను. ఈ చివర నుంచి లిఫ్టు దాకా ఖాళీ. గోదారి గాలి తిన్నగా వస్తోంది. తరవాత మెల్లిగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని అన్నారు.

"కాలవ కట్టేశాక... లాకు తెరిచారు."

వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేశాక లాకు తెరిచినా మూసినా ఒకటే, పడవ కదలదు. నవ్వాలని ప్రయత్నించారు గానీ ఆ సగం నవ్వు కూడా రాలేదు. చలిగా ఉందన్నారు. కుర్చీ వెనక్కి తిప్పాను.

వాకర్ ఇప్పటికీ తలుపు వెనకే ఉంది. ఆయన తువ్వాళ్ళు దాని మీద ఆరేస్తున్నాను.